న్యూజెర్సీలో పెరిగింది 0.59, ఫలితం మాత్రం 2.76. మిగతాదంతా పెన్సిల్వేనియా పడిపోవడమేనా?

శ్రావ్య_ఎకాన్
కనీస వేతనం పెంచితే ఉద్యోగాలు ఏమవుతాయో చూసిన కార్డ్, క్రూగర్‌ల 1994 పేపర్ శుక్రవారం సెమినార్‌లో నేనే చెప్పాలి. మూడు రోజులుగా ఒకే పట్టిక ముందు కూర్చున్నాను, మనసు ఒప్పుకోవడం లేదు.

1992 ఏప్రిల్ 1న న్యూజెర్సీ కనీస వేతనం గంటకు 4.25 డాలర్ల నుంచి 5.05కి పెరిగింది. పక్కనే ఉన్న పెన్సిల్వేనియాలో 4.25 దగ్గరే ఉండిపోయింది. ఫిబ్రవరి, మార్చిలో ఒకసారి, నవంబర్, డిసెంబర్‌లో ఇంకోసారి 410 ఫాస్ట్‌ఫుడ్ రెస్టారెంట్లను ఎంతమంది పనిచేస్తున్నారని అడిగారు. న్యూజెర్సీవి 331, తూర్పు పెన్సిల్వేనియావి 79.

న్యూజెర్సీ సగటు 20.44 నుంచి 21.03 అయింది. పెన్సిల్వేనియా సగటు 23.33 నుంచి 21.17కి పడింది. అంటే వేతనం పెంచిన చోట 0.59 మాత్రమే పెరిగింది, పెంచని చోట 2.16 తగ్గింది. ఈ రెండూ కలిపి 2.76 అని చెప్తున్నారు. ఇందులో నాలుగింట మూడొంతులు అసలు ఏమీ మారని రాష్ట్రం నుంచి వచ్చింది కదా! ఏమీ చేయని చోట జరిగినదాన్ని తెచ్చి, చేసిన చోటి ఫలితం అని ఎలా అంటాం? ఇదే ప్రశ్న సెమినార్‌లో ఎవరైనా అడిగితే నా దగ్గర జవాబు లేదు. టెన్షన్‌గా ఉంది.

చింతాకు
2.76 అంటే డాలర్లా? 4.25కి 2.76 కలిపితే 7 దాటుతుంది కదా, 5.05 ఎలా అయింది?

శ్రావ్య_ఎకాన్
డాలర్లు కావండి, మనుషులు. ఒక్కో రెస్టారెంట్‌కి సగటున ఎంతమంది అని. ఫుల్‌టైమ్ వాళ్లు, మేనేజర్లు ఒక్కొక్కరు ఒకటి, పార్ట్‌టైమ్ వాళ్లు అర చొప్పున లెక్క.

చింతాకు
ఓ, సరే. కానీ 0.59, 2.16 కలిపితే 2.75 కదా?

పట్టిక_కృష్ణ
దశాంశాలు గుండ్రం చేయడంలో వచ్చిన తేడా అది. పట్టికలో 2.76 అనే ఉంటుంది, కంగారు పడక్కర్లేదు.

లెక్కలపిచ్చి
శ్రావ్య గారి అనుమానం సరైనదే. అసలు కారణం సీజన్. మొదటి సర్వే చలికాలం చివర, రెండోది పండగల ముందు. ఫిబ్రవరికీ నవంబర్‌కీ వ్యాపారం ఒకేలా ఉండదు. ఏడాదిలో ఒకే నెలను పట్టుకుని పోల్చాలి. అలా చేయలేదు కాబట్టి ఈ లెక్క మొత్తం చెల్లదు.

పట్టిక_కృష్ణ
@లెక్కలపిచ్చి సగం ఒప్పుకుంటాను. న్యూజెర్సీ ఒక్కదాన్నే ముందు, తర్వాత అని పోలిస్తే మీరన్నట్టే సీజన్ ఏదో, వేతనం ఏదో విడదీయలేం. కానీ పక్క రాష్ట్రాన్ని తెచ్చింది అందుకే. పండగల రద్దీ రెండు చోట్లా ఒకేలా ఉంటే తీసివేతలో అది పోతుంది. మీ అభ్యంతరం నిలబడాలంటే సీజన్ ఉందని చెబితే చాలదు, న్యూజెర్సీ సీజన్ పెన్సిల్వేనియా సీజన్‌కి భిన్నంగా ఉందని చూపించాలి. న్యూజెర్సీలో సముద్రతీరం ఉంది, వేసవి జనం అక్కడికి వెళ్తారు, అది నిజమైన తేడా. అందుకే వాళ్లు తీరప్రాంతపు రెస్టారెంట్లు తీసేసి మళ్లీ లెక్క కట్టారు. ఫలితం పెద్దగా మారలేదు.

శ్రావ్య గారూ, మీ ప్రశ్నకి వస్తాను. పెన్సిల్వేనియాలో "ఏమీ జరగలేదు" అన్నారు. వేతన చట్టం మారలేదంతే, ఆ ఏడాది ఆర్థిక పరిస్థితి మాత్రం అక్కడా ఉంది. 1990లో మొదలైన మాంద్యం దెబ్బ నుంచి తూర్పు తీర రాష్ట్రాలు ఇంకా కోలుకోలేదు. న్యూజెర్సీ చట్టం 1990లో మంచి రోజుల్లో తయారైంది, అమలు రోజు వచ్చేసరికి రోజులు బాగాలేవు. శాసనసభ ఆ పెంపును విడతల వారీగా చేయాలని చూస్తే గవర్నర్ వీటో చేశారు.

ఈ పద్ధతి అడిగే ప్రశ్న "న్యూజెర్సీలో ఎంత పెరిగింది" అని కాదు. వేతనం పెంచకుండా ఉంటే న్యూజెర్సీలో ఎంత ఉండేది అని. ఆ అంకె ఎవరికీ కనిపించదు. పెన్సిల్వేనియాలాగే న్యూజెర్సీ కూడా 2.16 పడేది అనుకుంటే 20.44 కాస్తా 18.28కి చేరేది. నిజంగా కనిపించింది 21.03. ఈ రెండింటి మధ్య దూరమే ఫలితం. కాబట్టి 2.16 పక్క రాష్ట్రం నుంచి అరువు తెచ్చిన మాట నిజమే. ఆ అరువు న్యాయమా కాదా అన్నదే అసలు తగువు.

శ్రావ్య_ఎకాన్
18.28 అని ఎవరూ నాకు అలా చెప్పలేదు. ఇప్పుడు ప్రశ్న ఎక్కడుందో తెలిసింది. అయితే న్యూజెర్సీ కూడా అంత పడేదని నమ్మడానికి ఏముంది? ప్యారలల్ ట్రెండ్స్, అంటే వేతనం మారకపోతే రెండు రాష్ట్రాలూ ఒకేలా కదిలేవి అని ఒక్క మాట అనేసి దాటిపోతారు అందరూ.

నిలకడ
నమ్మడానికి ముందు ఇంకోటి చూడాలి. 2.76కి స్టాండర్డ్ ఎర్రర్ 1.36. అంటే 95 శాతం పరిధి సుమారు 0.1 నుంచి 5.4 వరకు. సున్నాని తాకీ తాకకుండా ఆగింది. అది కూడా ప్రతి రెస్టారెంట్‌నీ విడివిడి సాక్షిగా లెక్కేస్తే వచ్చిన పరిధి.

కానీ వేతనం మారింది 331 చోట్ల విడివిడిగా కాదు, ఒక్క రాష్ట్రంలో ఒక్కసారి. ఆ ఏడాది పెన్సిల్వేనియాకి మాత్రమే తగిలిన చిన్న దెబ్బ ఏదైనా ఉంటే, 79 రెస్టారెంట్లకీ ఒకేసారి తగులుతుంది. 79 కాదు 7900 ఉన్నా అది సగటులో కరిగిపోదు. రెండే రాష్ట్రాలు, రెండే సమయాలు ఉన్నప్పుడు ఆ దెబ్బ ఎంతో డేటాలోంచి కొలవడానికి దారే లేదు. నాకు ఈ పేపర్‌తో ఉన్న ఇబ్బంది అంతా ఇదే.

లెక్కలపిచ్చి
ఒక రాష్ట్రంలోవన్నీ ఒకే గుంపుగా లెక్కేసి, అంటే రాష్ట్రం వారీగా క్లస్టర్ చేసి ఎర్రర్ కడితే సరిపోదా?

నిలకడ
రెండు క్లస్టర్లతోనా? సాఫ్ట్‌వేర్ ఏదో ఒక అంకె ఇస్తుంది. తరచుగా అనుమానం వచ్చేంత చిన్నది ఇస్తుంది. దాన్ని నమ్మితే ఇంకా ప్రమాదం. మా డిపార్ట్‌మెంట్‌లో ఒకరు అలాగే చేసి ఫలితం చాలా గట్టిదని మూడు నక్షత్రాలు పెట్టుకొచ్చారు, మొత్తం అధ్యాయం తిరిగి రాయాల్సి వచ్చింది.

రెండోషిఫ్ట్
నాకు ఎకనామెట్రిక్స్ అంతగా రాదు, కానీ ఈ "ఎంతమంది పనిచేస్తున్నారు" అన్న ప్రశ్న దగ్గర ఆగిపోయాను. అమెరికాలో చదువుకునే రోజుల్లో రెండేళ్లు ఒక బర్గర్ షాపులో షిఫ్ట్ లీడ్‌గా చేశాను, పేరు వద్దు.

వెనక గదిలో గోడకి వారం షెడ్యూల్ ఉండేది. పెన్సిల్‌తో రాసి, చెరిపి, మళ్లీ రాసిన కాగితం. దాని మీద 31 పేర్లు. అందులో వారానికి 35 గంటలు చేసేవాళ్లు ఆరుగురు. నలుగురికి శనివారం ఒక్కటే. ఇద్దరు నెల కిందే మానేశారు, మళ్లీ వస్తారేమోనని పేరు తీయలేదు. ఫోన్‌లో ఎవరైనా మీకు ఎంతమంది ఫుల్‌టైమ్, ఎంతమంది పార్ట్‌టైమ్ అని అడిగితే మా మేనేజర్ ఆ కాగితం వైపు తల తిప్పి, కళ్లతో లెక్కపెట్టి చెప్పేవాడు. మధ్యాహ్నం రద్దీలో అడిగితే అది కూడా చేయడు, "ఒక పాతిక మంది" అంటాడు.

శనివారం నాలుగు గంటలు చేసే పిల్లాడూ అరే, వారానికి 30 గంటలు చేసే ఆవిడా అరే! ఇలాంటి అంకెలతో 0.59 పెరిగిందా తగ్గిందా అని ఎలా చెప్తారు?

పట్టిక_కృష్ణ
@రెండోషిఫ్ట్ ఈ థ్రెడ్‌లో అందరికంటే పనికొచ్చే పోస్టు మీదే. సరిగ్గా ఇదే మాట మీద పెద్ద యుద్ధం జరిగింది. న్యూమార్క్, వాషర్ అనే ఇద్దరు ఫోన్ సర్వే వద్దని రెస్టారెంట్ల పేరోల్ లెక్కలు, అంటే పనిగంటలు తెచ్చి 2000లో వేరే జవాబు ఇచ్చారు. వాళ్ల లెక్కలో న్యూజెర్సీ ఉద్యోగం పెన్సిల్వేనియాతో పోలిస్తే తగ్గింది. సర్వే అంకెలు పేరోల్ అంకెలకంటే విపరీతంగా ఊగుతున్నాయని కూడా చూపించారు. మీ గోడ మీద కాగితం లాంటివే ఆ ఊపుకి కారణం అయ్యుండొచ్చు.

అయితే ఆ పేరోల్ డేటాలో మొదటి భాగం రెస్టారెంట్ పరిశ్రమ డబ్బుతో నడిచే సంస్థ ద్వారా సేకరించినది. దాంతో దాని మీదా అనుమానాలు. అదే ఏడాది కార్డ్, క్రూగర్ ప్రభుత్వ కార్మిక గణాంకాల శాఖ దగ్గర ఉన్న రికార్డులతో మళ్లీ చూశారు. అవి సంస్థలు నిరుద్యోగ బీమా కోసం తప్పనిసరిగా ఇచ్చే లెక్కలు. అందులో 2.76 అంత పెద్ద పెరుగుదల రాలేదు, పేరోల్ వాళ్లు చెప్పినంత తగ్గుదలా రాలేదు. దాదాపు సున్నా చుట్టూ తిరిగింది.

రెండోషిఫ్ట్
అంటే మేనేజర్ తప్పు చెప్పినా పర్లేదా?

పట్టిక_కృష్ణ
రెండు రాష్ట్రాల మేనేజర్లూ ఒకే రకంగా, ఎటో ఒకవైపు మొగ్గకుండా తప్పు చెబితే ఫలితం పక్కకి జరగదు, మసక మాత్రం పెరుగుతుంది. 1.36 అంత పెద్దగా ఉండటంలో దాని వాటా ఉంది. వేతనం పెరిగాక న్యూజెర్సీ మేనేజర్లు చెప్పే తీరు మారిందంటే మాత్రం చిక్కే.

శ్రావ్య_ఎకాన్
నా ప్రశ్న ఇంకా అలాగే ఉంది. న్యూజెర్సీ కూడా 2 చొప్పున పడేదని చూపించేది ఏదైనా ఉందా?

పట్టిక_కృష్ణ
ఉంది, అదే పట్టికలో కుడివైపు. చాలామంది అక్కడిదాకా చదవరు.

న్యూజెర్సీలో అన్ని రెస్టారెంట్లూ 4.25 ఇవ్వడం లేదు. కొన్ని అప్పటికే గంటకు 5 డాలర్లు, అంతకంటే ఎక్కువ ఇస్తున్నాయి. చట్టం వాళ్లని దాదాపు ముట్టుకోలేదు. వాళ్లదీ అదే రాష్ట్రం, అదే మాంద్యం, అదే పన్నులు. కాబట్టి సరిహద్దు దాటకుండానే ఇంకో పోలిక దొరికింది.

5 డాలర్లు ఆపైన ఇచ్చేవాటిలో సగటు 22.25 నుంచి 20.21కి పడింది, అంటే 2.04 తగ్గుదల. పెన్సిల్వేనియాలో తగ్గింది 2.16. రెండూ ఎంత దగ్గరగా ఉన్నాయో చూడండి. కచ్చితంగా 4.25 ఇచ్చేవాటిలో 19.56 నుంచి 20.88, అంటే 1.32 పెరుగుదల. మధ్యలో ఉన్నవి 0.87 పెరిగాయి.

వేతనం పెంచాల్సిన అవసరం రాని రెస్టారెంట్లు సరిహద్దుకి ఇటూ అటూ రెండేసి మంది చొప్పున తగ్గాయి. పెంచక తప్పనివి తగ్గలేదు. మీ సెమినార్‌లో ఎవరైనా "ఆ 2.16 అరువు కదా" అంటే ఈ 2.04 చూపించండి.

శ్రావ్య_ఎకాన్
ఇది నేను చూశాను కానీ ఇలా చదవలేదు! చాలా థాంక్సండి.

సుధామయి
ఒక్క నిమిషం, అంత తొందరగా సంబరపడకండి. ఆ అంకెలే ఇంకో వరుసలో పెట్టి చూడండి. మొదటి సర్వేలో పెన్సిల్వేనియా 23.33, న్యూజెర్సీ ఎక్కువ వేతనంవి 22.25, మధ్యవి 20.08, తక్కువవి 19.56. రెండో సర్వేలో వరుసగా 21.17, 20.21, 20.96, 20.88.

పైన ఉన్నవి దిగాయి, కింద ఉన్నవి ఎక్కాయి, అందరూ 21 దగ్గర చేరారు. వేతనంతో సంబంధం లేకుండానే ఇలా జరగొచ్చు. రెండోషిఫ్ట్ గారి కాగితమే తీసుకోండి. మొదటిసారి పొరపాటున ఎక్కువ చెప్పినవాళ్లు రెండోసారి తక్కువ చెప్తారు, అంతే. 2.04, 2.16 దగ్గరగా ఉండటం రెండు సాక్షులు కాకపోవచ్చు, ఒకే జబ్బు రెండు చోట్ల కనిపించడం కావచ్చు.

నిలకడ
ఇది గట్టి మాట.

పట్టిక_కృష్ణ
గట్టిదే, కొట్టిపారేయను. రెండు చిన్న జవాబులు మాత్రం ఉన్నాయి. కొలతలో పొరపాటు వల్ల సగటు వైపు జారడం ఒక్కో రెస్టారెంట్ స్థాయిలో బలంగా ఉంటుంది. 79 రెస్టారెంట్ల సగటులో ఆ పొరపాట్లు చాలావరకు ఒకదాన్నొకటి కొట్టేసుకోవాలి. పైగా ఇక్కడ గుంపులు కట్టింది ఉద్యోగుల సంఖ్యని బట్టి కాదు, వేతనాన్ని బట్టి, రాష్ట్రాన్ని బట్టి. రెండోది, ఉద్యోగుల అంకెలు, వేతనాల అంకెలు రెండూ ఉన్న రెస్టారెంట్లనే తీసుకుని కట్టిన లెక్కలో, ఏ చైన్, యాజమాన్యం కంపెనీదా ఫ్రాంచైజీదా అన్నవి తెచ్చాక కూడా ఫలితం 2.30 దగ్గర నిలిచింది, అవి లేకుండా 2.33. కాబట్టి పెన్సిల్వేనియా శాంపిల్‌లో ఫలానా చైన్‌వి ఎక్కువ కావడం వల్ల వచ్చింది కాదు.

సుధామయి
79 అంటే కొట్టేసుకునేంత పెద్ద సంఖ్య అని మీరు అనుకుంటున్నారు, నేను అనుకోవడం లేదు. కనీసం ఇంకో రెండు మూడు ముందు కాలాల అంకెలు ఉండి ఉంటే ఈ వాదన ఐదు నిమిషాల్లో తేలిపోయేది. ముందు ఒక్క సర్వే, తర్వాత ఒక్క సర్వే. రెండు చుక్కల మధ్య ఎవరైనా గీత గీయగలరు, ఆ గీత ముందునుంచీ ఎటు పోతోందో మాత్రం చెప్పలేరు.

నిలకడ
తర్వాత వచ్చిన నెలవారీ ప్రభుత్వ లెక్కల్లో అది కొంత కనిపిస్తుంది కూడా. కనీస వేతనం ఎక్కడా మారని నెలల్లో సైతం ఈ రెండు రాష్ట్రాల ఫాస్ట్‌ఫుడ్ ఉద్యోగాలు ఒకదానికొకటి దూరం జరిగి, మళ్లీ దగ్గరకొస్తుంటాయి. కవల పిల్లల్లా నడిచే రాష్ట్రాలైతే కావు.

దీన్ని అంకెల్లో చూస్తే నాకు ఎక్కువ బెంగ. అప్పటి పాత అంచనాల ప్రకారం కనీస వేతనం 10 శాతం పెరిగితే టీనేజర్ల ఉద్యోగాలు 1 నుంచి 3 శాతం తగ్గాలి. ఇక్కడ 4.25 మీద 80 సెంట్లు, అంటే దాదాపు 19 శాతం. తగ్గాల్సింది సుమారు 2 నుంచి 6 శాతం. 20.44 మీద అది 0.4 నుంచి 1.2 మంది. మనం వెతుకుతున్నది ఒక మనిషికి అటూ ఇటూగా ఉండే చిన్న మార్పు. రెండు రాష్ట్రాల మధ్య ఏ కారణమూ లేకుండా ఒక మనిషి తేడా వచ్చినా అది అక్కడే మునిగిపోతుంది.

చింతాకు
ఇంతకీ వేతనం పెంచితే ఉద్యోగాలు పెరుగుతాయని తేలినట్టా? అందుకే కదా 2021లో నోబెల్ ఇచ్చారు?

పట్టిక_కృష్ణ
@చింతాకు పెరుగుతాయని తేలలేదు. అందరూ తప్పకుండా తగ్గుతాయి అన్న తగ్గుదల ఇక్కడ కనిపించలేదు, అంతవరకే. నిలకడ గారి లెక్క ప్రకారం ఒక మోస్తరు తగ్గుదల ఉన్నా ఈ డేటాకి దొరకకపోవచ్చు, అదీ నిజమే. నోబెల్ కార్డ్‌కి కార్మిక ఆర్థికశాస్త్రంలో ఆయన చేసిన పని మొత్తానికి వచ్చింది, ఈ పేపర్ అందులో ఒకటి. ఆంగ్రిస్ట్, ఇంబెన్స్‌లతో పంచుకున్నారు. క్రూగర్ 2019లోనే చనిపోయారు. ఆయన ఉండి ఆ రోజు చూడాల్సింది.

లెక్కలపిచ్చి
నా సీజన్ వాదన వెనక్కి తీసుకుంటున్నాను, కానీ డేటా నేనే ముట్టుకుని చూడాలని ఉంది. ఎక్కడైనా దొరుకుతుందా?

పట్టిక_కృష్ణ
కార్డ్ తన పేజీలో అందరికీ తెరిచి ఉంచారు, `njmin.zip` లోపల `public.dat`. ఖాళీ విలువలు చుక్కగా ఉంటాయి, R లో `d` పేరుతో చదివేటప్పుడు `na.strings = "."` పెట్టండి, లేకపోతే ఆ వరుసల అంకెలు అక్షరాలుగా వస్తాయి. ఫైల్‌లో నిలువు వరుసల పేర్లు ఉండవు, జతగా ఉన్న కోడ్‌బుక్ చూసి మీరే పెట్టుకోవాలి. `STATE` 1 అంటే న్యూజెర్సీ.

```r
d$f1 <- d$EMPFT  + d$NMGRS  + 0.5 * d$EMPPT
d$f2 <- d$EMPFT2 + d$NMGRS2 + 0.5 * d$EMPPT2
lm(I(f2 - f1) ~ STATE, data = d)
```

రెండు సర్వేల్లోనూ అంకెలున్న రెస్టారెంట్లే మిగులుతాయి. పేపర్‌లో అలాంటి వాటికి పెన్సిల్వేనియా మార్పు −2.28, న్యూజెర్సీ 0.47, తేడా 2.75. మీకు వేరేగా వస్తే ముందు మూతపడ్డ రెస్టారెంట్లని ఎలా లెక్కేశారో చూసుకోండి. శాశ్వతంగా మూసేసినవాటికి సున్నా పెట్టాలి. వాటిని వదిలేస్తే ఉద్యోగం మొత్తం పోయిన చోట్లు మాయమై, ఫలితం లేనిపోని అందంగా కనిపిస్తుంది.

ఇంకో పని కూడా చేయండి. 0.5 బదులు 0.3 పెట్టి ఒకసారి, 0.7 పెట్టి ఒకసారి నడపండి. రెండోషిఫ్ట్ గారి శనివారం పిల్లాడి బరువు అది.

రెండోషిఫ్ట్
అలా బరువు మారిస్తే ఏమొచ్చిందో ఇక్కడ పెట్టండి దయచేసి, నాకు నిజంగా తెలుసుకోవాలని ఉంది.

లెక్కలపిచ్చి
ఈ రాత్రే కూర్చుంటాను.

శ్రావ్య_ఎకాన్
సెమినార్ క్రమం మార్చేశాను. మొదట 18.28 చెప్తాను, తర్వాత 2.04 చూపిస్తాను, వెంటనే సుధామయి గారి నాలుగు అంకెల వరుస నేనే బోర్డు మీద రాస్తాను. వేరేవాళ్లు రాసేదాకా ఆగను. నిలకడ గారూ, రెండే రాష్ట్రాలు అన్న సమస్యకి మందు ఏమైనా ఉందా? అదొక్కటే మిగిలింది.

నిలకడ
ఈ డేటాలో లేదు. మందు అంటే సరిహద్దులు పెంచుకోవడమే. డూబే, లెస్టర్, రైక్ 2010లో చేసింది అదే. అమెరికాలో రాష్ట్ర సరిహద్దుకి ఇటూ అటూ ఆనుకుని ఉన్న కౌంటీలను జతలు జతలుగా తీసుకుని, ఎన్నో వేతన మార్పులను ఒకేసారి చూశారు. ఒక జతలో ఏదో దెబ్బ తగిలినా మిగతావి సర్దుతాయి. రెస్టారెంట్ ఉద్యోగాల్లో చెప్పుకోదగ్గ తగ్గుదల వాళ్లకీ కనిపించలేదు. ఆ జతలు నిజంగా పోల్చదగ్గవేనా అని దాని మీద మళ్లీ న్యూమార్క్ వాదించారు, అది వేరే థ్రెడ్.

పట్టిక_కృష్ణ
ఇదే రెండు రాష్ట్రాల్లో తిరగేసిన ప్రయోగం ఒకటి ఉంది, అదీ చెప్పండి శ్రావ్య గారూ. 1996 అక్టోబర్‌లో ఫెడరల్ కనీస వేతనం 4.75 అయింది. న్యూజెర్సీ అప్పటికే 5.05 దగ్గర ఉంది, దానికి పట్టలేదు. ఈసారి పెంచాల్సి వచ్చింది పెన్సిల్వేనియాకి. వేతనం వల్ల ఉద్యోగాలు పోయేవే అయితే ఈసారి పెన్సిల్వేనియా న్యూజెర్సీ కంటే వెనకబడాలి. ప్రభుత్వ రికార్డుల్లో అలాంటి జాడ స్పష్టంగా కనిపించలేదు.

సుధామయి
ఇది నాకు తెలియదు. 1992 ఫలితం పెన్సిల్వేనియా సొంత పతనం వల్లే వచ్చిందనుకునేవాళ్లకి ఇది కాస్త ఇబ్బందే. అయినా నా 21 ప్రశ్నకి ఇది జవాబు కాదు, అది ఆ సర్వే కొలత గురించి. లెక్కలపిచ్చి గారూ, మీరు ఎలాగూ డేటా తెరుస్తున్నారు కదా. మొదటి సర్వేలో 20కి, 25కి మధ్య ఉన్న రెస్టారెంట్లను మాత్రమే రెండు రాష్ట్రాల నుంచీ తీసుకుని ఆ మూడో లైన్ నడపండి. ఒకే ఎత్తులో మొదలైనవాటి మధ్య కూడా తేడా అంతే ఉంటే నేను తగ్గుతాను.

లెక్కలపిచ్చి
నడిపాను. పెన్సిల్వేనియాలో మిగిలేవి మరీ తక్కువండి, 20, 25 హద్దులను కొంచెం అటూ ఇటూ జరిపితే అంకె కూడా జరుగుతోంది. రేపు హద్దులు రాసి, ఒక్కోదానికి ఎన్ని మిగిలాయో పక్కన పెట్టి పట్టికగా ఇస్తాను. అప్పుడు మీరే చూసి చెప్పండి.